చివర్లో రియల్ పార్ట్ తీసుకునే అలవాటు

బెళ్ళందూరులో, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న ఆఫీసుల్లో వైర్‌లెస్ చిప్పుల మీద, రాడార్ల మీద, ఆడియో మీద పనిచేసే తెలుగువాళ్ళకు కొదవ లేదు. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ వాళ్ళకు చేతికి అలవాటైన పనిముట్టు. అందుకే క్వాంటం కంప్యూటర్ల గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక అభిప్రాయం మహా ధీమాగా వినిపిస్తుంది. "తరంగ ప్రమేయంలో ఆ i లెక్క తేలిక కోసం పెట్టుకున్నదే. ఏసీ సర్క్యూట్లలో మేమూ పెట్టుకుంటాం, చివర్లో రియల్ పార్ట్ తీసుకుంటాం. మొమెంటమ్ స్పేస్ అంటే మా స్పెక్ట్రమే, పేరు మార్చారు అంతే." ఏమీ తెలియనివాళ్ళు అనే మాట అయితే వదిలేయవచ్చు. గణితం బాగా వచ్చినవాళ్ళే అంటున్నారు కాబట్టి ఖండించక తప్పదు.

ముందు వాళ్ళ పక్షాన ఉన్న బలం ఒప్పుకుందాం. ఇంటి ప్లగ్గులో వచ్చే 50 హెర్ట్జ్ వోల్టేజీ ఏ క్షణాన చూసినా ఒకే ఒక వాస్తవ సంఖ్య. దాన్ని సంకీర్ణ సంఖ్యగా రాసుకోవడం మన సౌకర్యం. ఎందుకు చెల్లుతుంది ఆ సౌకర్యం? రెసిస్టర్, కెపాసిటర్, కాయిల్ పాటించే సమీకరణాల్లో గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలు, పైగా అవి రేఖీయం. వాస్తవ భాగం తన దారిన తాను నడుస్తుంది, కల్పిత భాగం తన దారిన నడుస్తుంది, ఒకదానితో ఒకటి పెట్టుకోవు. అందుకని కల్పిత భాగాన్ని పక్కన మోసుకెళ్ళి చివర్లో పారేసినా నష్టం లేదు. పవర్ లెక్క దగ్గర, అంటే రెండు రాశుల్ని గుణించాల్సిన చోట, ఇదే ఇంజినీర్లు జాగ్రత్త పడి కాంజుగేట్ వేస్తారు. ఈ లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో వాళ్ళ చేతులకు తెలుసు. నోటికే తెలియడం లేదు.

ష్రోడింగర్ సమీకరణంలో ఆ లైసెన్సు మొదటి గీతలోనే రద్దవుతుంది. అక్కడ i సమాధానంలో కాక సమీకరణంలోనే కూర్చుంది:

iħ ∂ψ/∂t = Hψ

ψ ను u + iv అని విడదీసి, H లో i లేని మామూలు సందర్భం తీసుకోండి. u ఎంత వేగంగా మారుతుందో v చెబుతుంది, v ఎంత వేగంగా మారుతుందో u చెబుతుంది. v ని పారేస్తే u ఇక ఎటు పోవాలో తెలియదు. పైగా సంభావ్యత |ψ|², అంటే u² + v². రెండూ ఉంటేనే, అన్ని చోట్లా కలిపి ఆ మొత్తం ఎప్పుడూ ఒకటిగా నిలుస్తుంది.

ఎంత గట్టిగా నిలుస్తుందో, తీసేస్తే ఎంత ఘోరంగా కూలుతుందో హైడ్రోజన్‌లో చూడవచ్చు. దాని అట్టడుగు స్థితిలో ఎలక్ట్రాన్ శక్తి −13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. కాలంతో పాటు ψ కు తగిలే గుణకం e^(−iEt/ħ), దాని మాడ్యులస్ ఎప్పుడూ 1. అందుకే పరమాణువు కదలక మెదలక ఉంటుంది. ఇప్పుడు "చివర్లో రియల్ పార్ట్" తీసుకోండి. గుణకం cos(Et/ħ) అయింది. ఆవర్తన కాలం సుమారు 0.3 ఫెమ్టో సెకన్లు. ఒక్కో ఆవర్తనంలో రెండుసార్లు కొసైన్ సున్నా. అంటే ఎలక్ట్రాన్ ఎక్కడా లేదు, విశ్వంలోనే లేదు, మళ్ళీ వచ్చింది. ఇంతకన్నా ఇబ్బంది ఇంకొకటుంది. శక్తికి సున్నా ఎక్కడ పెట్టుకోవాలన్నది మన ఇష్టం. నిశ్చల శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులను కూడా కలుపుకుని లెక్కిస్తే ఆ మాయమవడం దాదాపు 37 వేల రెట్లు వేగంగా జరగాలి. మనం కాగితం మీద గీత జరిపినందుకు ఎలక్ట్రాన్ ఇన్నిసార్లు చచ్చి బతకాలా? సర్క్యూట్‌లో గ్రౌండ్ పాయింటు మార్చితే బల్బు వెలుగు మారుతుందని ఏ ఇంజినీరూ ఒప్పుకోడు.

"సరే, కాలం సంగతి వదిలెయ్, ఒక్క క్షణం దగ్గర ఆగి చూద్దాం. ఆ క్షణాన ψ ను వాస్తవంగా రాసుకుంటే ఏం పోతుంది?" అంటారు తర్వాత. పోయేది వేగం. ఇక్కడే మొమెంటమ్ స్పేస్ అసలు సంగతి ఉంది, నిదానంగా చూడాలి.

స్థానంలో రాసిన ψ(x) నుంచి ద్రవ్యవేగంలో రాసిన φ(p) కి వెళ్ళే దారి ఇది:

φ(p) = (1/√(2πħ)) ∫ ψ(x) e^(−ipx/ħ) dx

సిగ్నల్స్ చదివిన ఎవరికైనా ఇది పాత చుట్టమే. వాస్తవ సిగ్నల్‌కు స్పెక్ట్రమ్ రాస్తే నెగెటివ్ ఫ్రీక్వెన్సీ వైపు పాజిటివ్ వైపుకు అద్దంలో బొమ్మ, కాంజుగేట్‌తో. కొత్త సమాచారం లేదు కాబట్టి సగం చెరిపేస్తాం. వైర్‌లెస్ పనిలో ఇది పొదుపు. క్వాంటంలో ఇదే నియమం వేరే అర్థంలో మీద పడుతుంది. ψ(x) వాస్తవమైతే |φ(p)|², |φ(−p)|² సమానం. కుడివైపు ఏ వేగంతో వెళ్ళే అవకాశం ఎంతో, ఎడమవైపు అదే వేగంతో వెళ్ళే అవకాశమూ అంతే. సగటు ద్రవ్యవేగం కచ్చితంగా సున్నా. అంటే వాస్తవ తరంగ ప్రమేయం ఉన్న కణం మొత్తం మీద ఎటూ పోలేదు. మన పనిలో పారేసే ఆ సగభాగం ఇక్కడ ఎడమ దిక్కు.

ఇది కాగితం మీది మాట కాదు. అమెరికాలో నిస్ట్ ప్రయోగశాలలో 1999లో సోడియం పరమాణువుల బోస్-ఐన్‌స్టయిన్ సాంద్రీకరణ మీద బ్రాగ్ వివర్తనం చేసి, ద్రవ్యవేగాన్ని ఒకే దిక్కుకు ఇవ్వవచ్చని చూపించారు. మన బెంగళూరులోనే, సదాశివనగర్‌లోని రామన్ పరిశోధన సంస్థలో అతిశీతల పరమాణువుల ప్రయోగశాలలు నడుస్తున్నాయి. బెళ్ళందూరు నుంచి ట్రాఫిక్ దయ ఉంటే గంట దూరం. ఆ బ్రాగ్ పద్ధతిలో అంకెలు వేసి చూద్దాం.

దాదాపు 20 మైక్రాన్ల వెడల్పున్న పల్చటి సోడియం మేఘం నిశ్చలంగా ఉందనుకోండి. దాని మీదికి 589 నానోమీటర్ల పసుపు రంగుకు అతి దగ్గరలో ట్యూన్ చేసిన రెండు లేజర్ కిరణాలను ఎదురెదురుగా పంపుతారు. పరమాణువు ఒక కిరణం నుంచి ఫోటాన్‌ను తీసుకుని రెండో కిరణంలోకి వదులుతుంది. తీసుకున్నప్పుడు ఒక తోపు, వదిలినప్పుడు ఒక తోపు. ఒక్కో తోపుకు సోడియం అందుకునే వేగం సెకనుకు 2.95 సెంటీమీటర్లు, రెండూ కలిపి 5.9. పరమాణువుకు వచ్చిన ఈ గతిశక్తిని ఎవరో చెల్లించాలి. అందుకని రెండు కిరణాల ఫ్రీక్వెన్సీలను సుమారు 100 కిలోహెర్ట్జ్ తేడాతో పెడతారు. ఏ కిరణం ఫ్రీక్వెన్సీ ఎక్కువో దాని దిక్కుకే తోపు. తేడా గుర్తు తిప్పితే పరమాణువులు అటు కాకుండా ఇటు పోతాయి.

సరైన నిడివి ఉన్న పల్స్ ఆగిన మరుక్షణం మేఘం తరంగ ప్రమేయం ఏమిటి? పాత ఆకారం అలాగే ఉంది, దానికి e^(iKx) గుణకం చేరింది. K అంటే రెండు ఫోటాన్ల తోపుకు సరిపడే తరంగ సంఖ్య. ఈ గుణకం మాడ్యులస్ ప్రతి చోటా 1. కనుక ఆ క్షణాన ఫొటో తీస్తే తోపుకు ముందు మేఘానికీ తర్వాతి మేఘానికీ తేడా ఏమీ కనిపించదు. స్థానాల పట్టిక ఒక్క అంకె కూడా మారలేదు. వేగం మాత్రం వచ్చేసింది. ఎక్కడ దాక్కుంది? ఫేజ్‌లో, అంటే ఒక చోటి నుంచి పక్క చోటికి ψ కోణం తిరిగే తీరులో. మరో చోట దానికి తావే లేదు.

ఇప్పుడు రియల్ పార్ట్ పక్షం వారి మేఘం తీసుకుందాం. e^(iKx) బదులు cos(Kx). కొసైన్ అంటే e^(iKx), e^(−iKx) ల సగం సగం మొత్తం. ఈ మేఘంలో సాంద్రత 147 నానోమీటర్లకొకసారి చారలు చారలుగా ఉంటుంది. ఆ చారలు కనిపెట్టడానికి వాడే కాంతి తరంగదైర్ఘ్యం కన్నా సన్నవి, మామూలు కెమెరాకు చిక్కవు. ఫొటోలో ఇదీ అదే నునుపు మేఘం. కాబట్టి ఈ దశలో వాదన ఫొటోతో తేలదు. 10 మిల్లీ సెకన్లు ఆగాలి.

10 మిల్లీ సెకన్ల తర్వాత సంకీర్ణ మేఘం మొత్తంగా 0.59 మిల్లీమీటర్లు ఒక పక్కకు జరిగి ఉంటుంది. కొసైన్ మేఘం రెండు ముక్కలై, ఒకటి అటు 0.59, ఒకటి ఇటు 0.59 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఈలోగా అనిశ్చితత్వం వల్ల మేఘం పరుచుకునేది మైక్రాను కన్నా తక్కువే. పరమాణువుల మధ్య వికర్షణ వల్ల నిజమైన మేఘం అంతకన్నా ఉబ్బుతుంది కానీ, రెండు ముక్కల్ని ఒకటిగా చూపించేటంత కాదు. ప్రయోగంలో రెండు రకాల ఫొటోలూ తీయవచ్చు. ఫ్రీక్వెన్సీ తేడా పెట్టి ఒక దిక్కుకు తోస్తే ఒక మేఘం. తేడా లేకుండా నిలువు తరంగాన్ని క్షణికంగా వేస్తే రెండు దిక్కులా సమానంగా చీలిన మేఘాలు. ప్రకృతిలో రెండు రకాల స్థితులూ ఉన్నాయి. రియల్ పార్ట్ తీసుకునే నియమం మొదటి దాన్ని రెండోదిగా మార్చేస్తుంది. జరగని చీలికను జరిగిందని చెప్పే లెక్కను సౌకర్యం అనడం ఏ భాషలోనూ కుదరదు.

మరి ఇంత తేలికగా తేలిపోయే సంగతి మీద ఇంత ధీమా ఎలా వచ్చింది? తప్పు పాఠాలు బొమ్మలు ఎంచుకున్న తీరులో ఉందని నా అనుమానం. బీటెక్ మొదటి ఏడాదిలో పెట్టెలో బంధించిన కణం చెబుతారు. సైన్ తరంగాలు గీస్తారు. అన్నీ వాస్తవాలే. తర్వాత హార్మోనిక్ ఆసిలేటర్, అదీ వాస్తవమే. ఇంటర్ కెమిస్ట్రీలో డంబెల్ ఆకారపు px, py ఆర్బిటాల్‌లు, అవీ వాస్తవమే. ఆ కాలంలో i ముఖం ఒక్కసారీ చూడని విద్యార్థి అది అలంకారమనుకోవడంలో వింత లేదు. కానీ ఆ బొమ్మలన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. అవన్నీ నిలిచిపోయిన స్థితులు, వాటిలో ఎటూ ప్రవాహం లేదు. ప్రవాహం లేని చోట మాత్రమే ψ ను వాస్తవంగా ఎంచుకునే వెసులుబాటు దొరుకుతుంది. px, py లనే i తో కలిపి px + ipy అని రాయండి. డంబెల్‌లు పోయి, కేంద్రకం చుట్టూ ఉంగరంలాంటి సాంద్రత వస్తుంది, ఎలక్ట్రాన్‌కు ఒక ħ కోణీయ ద్రవ్యవేగం వస్తుంది. px − ipy అని రాస్తే అదే ఉంగరం, తిరగడం అవతలి వైపుకు. ఉంగరం బొమ్మ చూసి దిక్కు చెప్పగలవారు ఎవరూ లేరు.

ఈ పొరపాటులో మనవాళ్ళు ఒంటరి కాదులెండి. 1926 జూన్ 6న లోరెంజ్‌కు రాసిన ఉత్తరంలో ష్రోడింగర్ స్వయంగా సంకీర్ణ సంఖ్యల మీద అయిష్టం చూపించాడు, ψ మూలంలో వాస్తవ ప్రమేయమే అయి ఉంటుందన్నాడు. i లేకుండా కాలంలో రెండో తరగతికి, స్థానంలో నాలుగో తరగతికి ఎగబాకే సమీకరణం కూడా రాసి చూశాడు. ఆ నెలలోనే పంపిన నాలుగో పత్రంలో i ఉన్న సమీకరణానికి వచ్చాడు. ఆయనకు కొన్ని వారాలు పట్టింది. మనకు నూరేళ్ళు చాలలేదు.

ఇక వీళ్ళ అసలైన గట్టి వాదన. "సంకీర్ణ సంఖ్య అంటే రెండు వాస్తవ సంఖ్యల జంట. మా రేడియోలో I, Q అని రెండు తీగలుంటాయి. ψ కూడా u, v అనే రెండు తీగలే. మరి i ఎందుకు?" ఈ వాదనలో సగం నిజం. జంటగా రాసుకోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. i బదులు జంటను 90 డిగ్రీలు తిప్పే ఒక మాట్రిక్స్ పెట్టుకోవాలి, దాన్ని J అందాం. ప్రతి ఆపరేటరూ ఆ J తో సర్దుకుపోవాలని షరతు పెట్టాలి. 1960లో స్టూకెల్‌బర్గ్ ఇలాంటి వాస్తవ క్వాంటం సిద్ధాంతాన్ని శ్రద్ధగా కట్టి చూపించాడు. కానీ J ని వర్గం చేస్తే −1 వస్తుంది. i ని గుమ్మం దాకా పంపించి, పేరు మార్చి వంటింటి తలుపులోంచి పిలుచుకున్నట్టు అయింది. రేడియోతో పోలిక ఇంకోచోట కూడా తెగుతుంది. I తీగ మీద, Q తీగ మీద విడివిడిగా ఆసిలోస్కోప్ పెట్టి వోల్టేజీ చూడవచ్చు. ఒంటరి పరమాణువు u ఎంత, v ఎంత అని కొలిచే పరికరం లేదు, ఉండబోదు. మొత్తం ψ ను ఒకే కోణంతో తిప్పితే ఏ కొలతా మారదు కాబట్టి ఏది u, ఏది v అన్నదానికే అర్థం లేదు. రెండు చోట్ల మధ్య కోణంలో తేడాకు మాత్రమే అర్థం ఉంది.

2021 డిసెంబరులో నేచర్ పత్రికలో రెనూ, ఆయన సహచరులు ఈ తగాదాను ప్రయోగానికి ఎక్కించారు. ముగ్గురు కొలిచేవాళ్ళు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూలాలు. ఒక మూలం మొదటివారికి, మధ్యవారికి చిక్కుముడి పడ్డ జంటను పంపుతుంది. రెండోది మధ్యవారికి, మూడోవారికి పంపుతుంది. ఫలితాలను ఒక పద్ధతిలో కూడితే, సంకీర్ణ సంఖ్యల సిద్ధాంతం 6√2 దాకా, అంటే దాదాపు 8.49 దాకా రానిస్తుంది. వాస్తవ సంఖ్యలకే కట్టుబడ్డ సిద్ధాంతం 7.66 దాటనివ్వదు. 2022లో చైనాలో సూపర్ కండక్టింగ్ క్యూబిట్‌లతో కొలిస్తే 8.09 వచ్చింది.

దీన్ని "i ఉనికి రుజువైంది" అని డప్పు కొట్టేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆ 7.66 హద్దు వెనక ఒక షరతుంది. వేరు వేరు మూలాల స్థితులను టెన్సర్ గుణకారం అనే మామూలు పద్ధతిలోనే కలపాలి. ఆ కలిపే నియమాన్ని మార్చితే వాస్తవ సంఖ్యలతోనూ అవే ఫలితాలు వస్తాయని 2025లో వచ్చిన పత్రాలు చూపించాయి. గణితం ఒప్పే. అయితే ఆ కొత్త నియమం చేసే పని J ని అన్ని భాగాలకూ ఉమ్మడిగా పట్టి ఉంచడమే. సంఖ్యల పేరు మార్చవచ్చు గానీ, కోణం తిప్పే ఆ నిర్మాణాన్ని తీసేయలేరన్నదే నేను చెప్పేది. అంతకు మించి చెప్పను.

"మొమెంటమ్ స్పేస్ మా స్పెక్ట్రమే" అన్న రెండో మాట మిగిలింది. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఇచ్చేది తరంగ సంఖ్య k మాత్రమే. మీటరుకు ఎన్ని రేడియన్లు తిరుగుతుందన్న లెక్క అది. అది ద్రవ్యవేగం ఎలా అయింది? p = ħk అన్న డీబ్రోయ్ ప్రతిపాదన వల్ల అయింది. అది గణితంలో లేదు, 1927లో నికెల్ స్ఫటికం మీద ఎలక్ట్రాన్లు వివర్తనం చెందడం చూశాక ప్రయోగంతో నిలబడింది. నీటి అలకూ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఉంటుంది, దానికి అనిశ్చితత్వ నియమంలో ప్లాంక్ స్థిరాంకం కనిపించదు.

ఇంకో సంగతి. స్పెక్ట్రమ్ చూసే అలవాటున్నవాళ్ళు పవర్ స్పెక్ట్రమ్‌తో తృప్తి పడతారు. క్వాంటంలోనూ చాలామంది అలాగే అంటారు: "స్థానాల సంభావ్యత ఇవ్వు, ద్రవ్యవేగాల సంభావ్యత ఇవ్వు, రెండు వాస్తవ పట్టికలు చాలు, ψ ను పారేయవచ్చు." ఆ రెండు పట్టికలతో ψ దొరుకుతుందా అని 1933లోనే పౌలీ అడిగాడు. దొరకదు. రాడార్ పని చేసినవారికి చిర్ప్ తెలుసు కాబట్టి దానితోనే చూపిస్తాను.

మళ్ళీ ఆ 20 మైక్రాన్ల సోడియం మేఘమే, గాసియన్ ఆకారం. ఒక ప్రతికి e^(iβx²) గుణకం పెట్టండి, ఇంకో ప్రతికి e^(−iβx²). ప్రయోగశాలలో ఇది కల్పన కాదు. గిన్నె ఆకారపు బలక్షేత్రాన్ని క్షణకాలం వేసి తీసేస్తే సరిగ్గా ఇలాంటి ఫేజ్ పడుతుంది, పరమాణువులను ఇంకా చల్లబరచడానికి డెల్టా కిక్ అనే పేరుతో వాడతారు. గిన్నెను బోర్లించి వేస్తే వ్యతిరేక గుర్తు వస్తుంది. కేంద్రం నుంచి 20 మైక్రాన్ల దూరంలో ఫేజ్ 3.6 రేడియన్లు ఉండేలా β ఎంచుకుంటే, అక్కడి పరమాణువులకు సెకనుకు ఒక మిల్లీమీటరు వేగం వస్తుంది. స్థానాల పట్టికలు రెంటికీ ఒకటే, గుణకం మాడ్యులస్ 1 కాబట్టి. ద్రవ్యవేగాల పట్టికలూ ఒకటే. ఒక ψ రెండోదానికి కాంజుగేట్, కాంజుగేట్ చేస్తే p బదులు −p వస్తుంది, ఈ మేఘం రెండు పక్కలా ఒకేలా ఉంది కనుక ఆ మార్పు పట్టికలో కనిపించదు. స్థానాలకు వెయ్యి ఫొటోలు, వేగాలకు వెయ్యి కొలతలు తీసి ఇచ్చినా ఏ మేఘం ఏదో చెప్పడానికి ఆధారం దొరకదు.

తేడా ఇదీ. ఒకదానిలో కుడి అంచున ఉన్న పరమాణువులు కుడికి పోతున్నాయి, రెండోదానిలో కుడి అంచువి ఎడమకు వస్తున్నాయి. స్థానానికీ వేగానికీ మధ్య ఉన్న ఈ సంబంధం |ψ|² లో లేదు, |φ|² లో లేదు, β గుర్తులో ఉంది. వదిలేసి 10 మిల్లీ సెకన్ల తర్వాత ఫొటో తీస్తే మొదటి మేఘం వెడల్పు 30 మైక్రాన్లు, రెండోది 10.